37 ఎంబీ దస్తావేజు 5 ఎంబీలోకి రావాలి, అక్షరం పోకూడదు: డీపీఐ తగ్గించాలా, రంగు తీసెయ్యాలా?

రవి_నూజివీడు

అందరికీ నమస్కారం. మా నాన్నగారి పేరు మీదున్న పొలం తాలూకు 1987 నాటి రిజిస్టర్డ్ దస్తావేజు ఒక పోర్టల్లో ఎక్కించాలి. ఫైలు ఒక్కటే ఉండాలట, పీడీఎఫ్ అయి ఉండాలట, 5 ఎంబీ దాటకూడదట. దస్తావేజు మొత్తం చేతిరాత. స్టాంపు కాగితాలూ వెనక అతికిన తెల్లకాగితాలూ కలిపి 22 పక్కలు. కాగితం బాగా పచ్చబడింది, సిరా మాత్రం నీలం, ఇంకా బాగానే కనపడుతోంది. మా ఇంట్లో స్కానరు ఏ4ది, ఈ కాగితాలు దానికన్నా పొడుగు, అద్దం మీద సరిపోవు. అందుకని జిరాక్స్ షాపులో పెద్ద మిషను మీద కలర్లో స్కాన్ చేయిస్తే 37 ఎంబీ వచ్చింది.

ఆన్‌లైన్లో సైజు తగ్గించే సైటు ఒకటి వాడితే 4 ఎంబీకి దిగింది గానీ చదవబోతే సర్వే నంబర్లు అలుక్కుపోయాయి, హద్దుల పేరాలో ఊరి పేర్లే తెలియడం లేదు. మళ్ళీ స్కాన్ చేయించాలంటే ఎంత డీపీఐ చెప్పాలి? 100 చాలా, 150 చాలా? నా లాప్‌టాప్‌లో ఉబుంటు ఉంది, కమాండ్లు ఇస్తే కొట్టగలను. గడువు దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది.

శ్రీను_జిరాక్స్

రవి గారూ, నేను తణుకులో షాపు నడుపుతాను, రోజూ ఇదే పని. 150 డీపీఐ కలర్ పెట్టించండి, అంతకన్నా అక్కర్లేదు. 300 అనేది ఫొటోలకి. కాగితాలన్నింటికీ మేం 150 పెడతాం, ఇంతవరకూ ఎవరూ వెనక్కి రాలేదు. 300లో సగం కాబట్టి సైజు కూడా సగానికి సగం తగ్గుతుంది.

పాతకాగితాలు

శ్రీను గారూ, కంప్యూటర్లో టైపు చేసి తీసిన కాగితానికి మీ 150 సరిపోతుంది, కాదనను. ఆధార్, మార్కుల మెమో, కరెంటు బిల్లు లాంటివి 150లో సుబ్బరంగా చదువుకోవచ్చు. చేతిరాత తెలుగుకి, అందులోనూ దస్తావేజు లేఖరి రాతకి, 150 అంచు మీద నిలబడుతుంది. ఇంకో మాట, 300 నుంచి 150కి వస్తే సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు అన్న లెక్క, నిలువులోనూ అడ్డంలోనూ రెండింట్లో సగం పోతుంది కదా.

రవి గారూ, మళ్ళీ స్కాన్ చేయించకండి. షాపు వాళ్ళిచ్చిన 37 ఎంబీ ఫైలు పారెయ్యలేదుగా? ముందు ఆ ఫైలు లోపల ఏముందో చూడండి. ఉబుంటులో `poppler-utils` వేసుకుని ఈ కమాండు కొట్టి, వచ్చింది ఇక్కడ పెట్టండి. సైటు వాళ్ళు తగ్గించిన ఫైలుకి కూడా ఇదే కొట్టండి.

```
pdfimages -list deed.pdf
```

రవి_నూజివీడు

ఉందండీ, పారెయ్యలేదు. చాలా గడులొచ్చాయి, పనికొచ్చేవి అనిపించినవే ఉంచాను. 22 పేజీలూ దాదాపు ఇలాగే ఉన్నాయి. మొదటిది షాపు ఫైలు, రెండోది సైటు తగ్గించినది.

```
page  width height color bpc enc   x-ppi  size
   3   2550   4200 rgb     8 jpeg    300  1.7M
   3    816   1344 rgb     8 jpeg     96  181K
```

పాతకాగితాలు

మీకు కావలసినదంతా షాపు ఫైల్లోనే ఉంది. 300 డీపీఐ, పూర్తి రంగు. అదే మీ అసలు ప్రతి, దాన్ని ముట్టుకోకుండా ఒకచోట దాచి, దాంట్లోంచి చిన్న ప్రతి తయారు చేసుకుందాం.

సైటు ఏం చేసిందో రెండో వరుసలో ఉంది. రంగు అలాగే ఉంచి డీపీఐని 300 నుంచి 96కి దించేసింది. మీ కాగితం మీద కలం గీత మందం 0.4 మిల్లీమీటర్లు అనుకోండి. 300 డీపీఐలో ఆ గీతకి దాదాపు 5 చుక్కలు దక్కుతాయి, 150లో రెండూ రెండున్నర, 96లో ఒకటిన్నర. ఒకటిన్నర చుక్కతో "ధ"కీ "థ"కీ తేడా ఎలా చూపిస్తుంది? "థ"కి మధ్యలో ఉండే చుక్క ఆ ఒకటిన్నరలోనే ఇమడాలి. "ద"కి కింద చిన్న గీత ఉందా లేదా అన్నది కూడా అంతే. ఆ పైన జేపెగ్ కుదింపు అంచుల చుట్టూ మసక చేరుస్తుంది. మీ ఊరి పేర్లు అలుక్కుపోయింది అక్కడే. ఇంగ్లీషు అక్షరానికి కింద ఒత్తులుండవు, మధ్యలో చుక్కలుండవు, అది 96లో కూడా బతికిపోతుంది. ఈ సైటు లెక్కలన్నీ ఆ అక్షరాలకి తగినట్టుంటాయి.

కాబట్టి నేను చెప్పేది తిరగేసి ఉంటుంది. డీపీఐ జోలికి ఆఖరున వెళ్ళండి, ముందు రంగు తీసెయ్యండి. మీ పేజీ 2550 x 4200 అంటే కోటీ ఏడు లక్షల చుక్కలు. రంగులో చుక్కకి 3 బైట్లు, అంటే కుదించకముందు పేజీకి 32 ఎంబీ. గ్రేలో చుక్కకి ఒక్క బైటు, 10.7 ఎంబీ. ఒట్టి నలుపు తెలుపులో చుక్కకి ఒక్క బిట్టే, 1.3 ఎంబీ. అసలు లాభం ఆ తర్వాత కుదింపులో వస్తుంది. నలుపు తెలుపు బొమ్మకి ఫ్యాక్సుల కోసం పుట్టిన గ్రూప్ 4 అనే పద్ధతి పనిచేస్తుంది, అది ఒక్క చుక్క కూడా పాడు చెయ్యదు. మీ రాత పేజీ 300 డీపీఐలోనే 70, 90 కేబీకి వస్తుంది. అంటే సైటు ఇచ్చిన 181 కేబీలో సగం సైజుకి, మూడు రెట్లు ఎక్కువ డీపీఐ ఉన్న పేజీ.

సుధారాణి

పాతకాగితాలు గారూ, మీరు చెప్పింది బాగుంది గానీ నేను మా అత్తగారి దస్తావేజు నలుపు తెలుపులో స్కాన్ చేస్తే స్టాంపు పేపరు పేజీ అంతా నల్ల చుక్కలు పోసినట్టొచ్చింది. వెనక ఉన్న రిజిస్ట్రారు ఆఫీసు ఊదా రంగు సీలు సగమే పడింది. వేలిముద్రలైతే నల్లటి ముద్దలు. ఆ ఫైలు చూసి బ్యాంకులో ఇది చెల్లదు అన్నారు. అందుకే నేను ఎప్పుడూ కలరే.

పాతకాగితాలు

మీకు వచ్చినది సహజమే అమ్మా, ఆ పేజీలకి నలుపు తెలుపు పనికిరాదు. స్టాంపు కాగితం వెనకాల సన్నటి గీతల డిజైను ఉంటుంది. ఆ లేత రంగులో కొంత తెలుపు వైపు, కొంత నలుపు వైపు పడి పేజీ నిండా ఇసక జల్లినట్టవుతుంది. పైగా ఆ చుక్కలన్నీ గ్రూప్ 4ని కూడా చెడగొడతాయి, 80 కేబీ రావలసిన పేజీ 400 కేబీకి పెరుగుతుంది. ఫైలు సైజు చూసే ఈ తప్పు పట్టెయ్యొచ్చు. నలుపు తెలుపు పేజీ ఒకటి మిగతావాటికన్నా నాలుగైదు రెట్లు బరువుంటే తెరిచి చూడండి, చుక్కలుంటాయి.

కానీ దానికోసం 22 పేజీలూ కలర్లో ఉంచక్కర్లేదు. పీడీఎఫ్‌లో ప్రతి పేజీకీ వేరే పద్ధతి ఉండొచ్చు. స్టాంపు, సీలు, వేలిముద్ర ఉన్న పక్కలు గ్రేలో 200 డీపీఐ. ఉట్టి రాత ఉన్న పక్కలు నలుపు తెలుపులో 300. స్టాంపు కాగితం రంగు కనపడాలంటే మొదటి పక్క ఒక్కటీ రంగులో. రవి గారూ, మీ 22లో ఏవి ఏ రకమో కాగితం ముందు పెట్టుకుని లెక్క చెప్పండి.

శ్రీను_జిరాక్స్

గ్రేకి 200, నలుపు తెలుపుకి 300 ఎందుకండీ? రెండింటికీ ఒకటే పెట్టకూడదా?

పాతకాగితాలు

మంచి ప్రశ్న. గ్రేలో గీత అంచున ఉన్న చుక్క సగం నలుపు, పావు నలుపు అని చెప్పగలదు, దాంతో కన్ను అంచుని సరిగ్గా ఊహించుకుంటుంది. నలుపు తెలుపులో ఆ వెసులుబాటు లేదు, చుక్క ఉంటే ఉంది లేకపోతే లేదు. అందుకని దానికి చుక్కలు ఎక్కువ కావాలి. నలుపు తెలుపు 150లో పెడితే అక్షరం మెట్లు మెట్లుగా వస్తుంది, "హ" లాంటి అక్షరాల్లో మెలికలు పూడుకుపోతాయి. మీ షాపులో ఒకసారి ఒకే కాగితం రెండు రకాలుగా తీసి పక్కన పెట్టి చూడండి.

మూర్తి_లినక్స్

ఇంత అవసరమా? ఘోస్ట్‌స్క్రిప్ట్ ఒక్క లైన్లో చేసేస్తుంది.

```
gs -sDEVICE=pdfwrite -dPDFSETTINGS=/ebook -o small.pdf deed.pdf
```

`/ebook` అంటే 150 డీపీఐ. `/screen` పెడితే 72. నేను అన్నింటికీ ఇదే.

వేణు_డాలస్

మూర్తి గారూ, ఈ కమాండు నాకు పనిచెయ్యలేదండీ, ఇక్కడే అడిగేస్తాను. మా అమ్మమ్మ మంగళహారతులు రాసుకున్న నోటుబుక్కు ఉంది, ఇండియా నుంచి తెచ్చుకున్నాను, ఫోనుతో ఒక్కో పేజీ తీసి పీడీఎఫ్ చేశాను. `/ebook` పెట్టినా సైజు అలాగే ఉంది, ఒక్క ఎంబీ కూడా తగ్గలేదు. పైగా ప్రింటు ఇస్తే పేజీ సైజు 55 అంగుళాలు అంటోంది. దీన్ని టైపు చేసిన తెలుగుగా మార్చే దారి కూడా ఎవరైనా చెబితే సంతోషం.

పాతకాగితాలు

వేణు గారూ, `pdfimages -list` కొట్టి చూడండి, `x-ppi` గడిలో 72 అని ఉంటుంది. ఫోనుకి డీపీఐ అనేదే ఉండదు, ఎన్ని చుక్కలు తీసిందో అంతే. మీ యాప్ 4000 చుక్కల పొడవున్న ఫొటోని అంగుళానికి 72 చొప్పున పీడీఎఫ్‌లో పరిచేసింది. 4000ని 72తో భాగిస్తే మీ 55 అంగుళాలు వచ్చేస్తాయి. ఘోస్ట్‌స్క్రిప్ట్ దాన్ని చూసి, ఇది ఇప్పటికే 72లో ఉంది, 150కి దించడానికేముంది అని వదిలేసింది. చుక్కలు మాత్రం అన్నీ అలాగే ఉన్నాయి. ఫొటోలని విడిగా బయటికి తీసి, నోటుబుక్కు అసలు కొలత చెప్పి మళ్ళీ పేర్చుకోవాలి.

```
pdfimages -j book.pdf b
img2pdf --pagesize A5 b-*.jpg -o book2.pdf
```

సైజు దీనితో తగ్గదు, పేజీ కొలత సరిపడుతుంది. ఆ తర్వాత మూర్తి గారి కమాండు పనిచేస్తుంది. కానీ మీరు దాచుకునే నోటుబుక్కుకి సైజు పరిమితి ఎవరూ పెట్టలేదు కదా, దాన్ని కుదించకండి. టైపు తెలుగుగా మార్చడం వేరే సంగతి, దానికి వేరే చర్చ మొదలుపెట్టండి.

మూర్తి గారూ, రవి గారి ఫైలుకి మీ లైను కొడితే 150లో రంగు జేపెగ్ వస్తుంది, నా అంచనా 8, 9 ఎంబీ. 5లోకి రావాలంటే `/screen`కి వెళ్ళాలి, అప్పుడు సైటు చేసిన పనే మనమూ చేసినట్టు. ఇంకోటి, `/ebook` పెట్టినా 200 డీపీఐ బొమ్మలు 150కి దిగవు. కావలసినదానికి ఒకటిన్నర రెట్లు దాటితేనే దించుతుంది, 225 లోపున్నవి అలాగే ఉంటాయి. ఏం పెట్టినా తగ్గడం లేదు అనేవాళ్ళలో చాలామందికి కారణం ఇదే.

మూర్తి_లినక్స్

ఒకటిన్నర రెట్ల సంగతి నాకు కొత్త, ఇప్పుడే చూశాను, నిజమే. అయితే గ్రూప్ 4 కన్నా జేబిగ్2 ఇంకా చిన్నది కదా, అది ఎందుకు చెప్పలేదు?

పాతకాగితాలు

దస్తావేజుకి అది వాడనివ్వను. జేబిగ్2లో ఒక రకం, ఒకలా కనపడే అక్షరాలని ఒకే అచ్చుగా దాచి అన్నిచోట్లా అదే అతికిస్తుంది. 2013లో డేవిడ్ క్రీజెల్ అనే జర్మన్ ఆయన జిరాక్స్ కంపెనీ మిషన్లలో ఇదే పట్టుకున్నారు. స్కాన్ చేసిన ప్లానులో గది కొలతలు మారిపోయాయి, ఇంకో పట్టికలో 6 ఉన్నచోట 8 వచ్చింది. మసకగా వస్తే చదవలేకపోతున్నాం అని మనకి తెలుస్తుంది. ఇక్కడ అంకె చక్కగా, స్పష్టంగా ఉంటుంది, కానీ తప్పు అంకె. సర్వే నంబరు 146 కాస్తా 148 అయితే ఎవరు కనిపెడతారు? జేబిగ్2లో ఏమీ పోగొట్టని రకం కూడా ఉంది, అది భద్రమే. కానీ ఏది వాడిందో మీ సాఫ్ట్‌వేరు చెప్పదు. గ్రూప్ 4తో ఆ బాధ లేదు.

రవి_నూజివీడు

లెక్క చూశానండీ. మొదటి పక్క స్టాంపు కాగితం ముందువైపు. సీళ్ళూ వేలిముద్రలూ ఉన్న పక్కలు ఇంకో 4. మిగతా 17 ఉట్టి రాతే, కింద నాన్నగారిదీ అమ్మినవాళ్ళదీ సంతకాలున్నాయి, నీలం సిరాతోనే.

ఇమేజ్‌మ్యాజిక్‌తో ఒక పేజీ నలుపు తెలుపు చేసి చూశాను. కాగితం పచ్చబడిన మూలల్లో పెద్ద నల్ల మచ్చలొస్తున్నాయి. మచ్చలు పోయేలా నలుపు తెలుపుల హద్దు `-threshold` తగ్గిస్తే అక్కడ రాత కూడా సన్నబడి తెగిపోతోంది. ఏం చెయ్యాలి?

పాతకాగితాలు

మీ దగ్గర రంగు ప్రతి ఉండటం ఇక్కడ కలిసొస్తుంది. ఫైల్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు పొరలుంటాయి. పసుపు మరక నీలం పొరలో మాత్రమే నల్లగా పడుతుంది, ఎరుపు పొరలో దాదాపు తెల్లగా ఉంటుంది. నీలం సిరా సరిగ్గా ఎదురు, ఎరుపు పొరలోనే అన్నింటికన్నా నల్లగా పడుతుంది. కాబట్టి మామూలు గ్రేకి బదులు ఎరుపు పొర ఒక్కటే తీసుకుని దాన్ని నలుపు తెలుపు చెయ్యండి. కాగితం తెల్లబడి రాత నల్లబడుతుంది, రెండూ ఒకే దెబ్బకి.

```
pdfimages -j deed.pdf p
convert p-002.jpg -channel R -separate +channel -threshold 55% \
  -density 300 -units PixelsPerInch -compress Group4 p-002.tif
```

55 అనేది మొదలుపెట్టడానికి. రాత తెగుతుంటే 60, 65కి పెంచండి, మచ్చలొస్తుంటే 50కి దించండి. ఒక పేజీ మీద కుదిరాక మిగతావాటికి అదే అంకె వెయ్యండి, చివర్లో ఉన్న పేజీలు బాగా నలిగి ఉంటే వాటికి విడిగా చూసుకోండి. గ్రే పేజీలకి ఇది:

```
convert p-001.jpg -colorspace Gray -resize 66.67% -quality 50 \
  -density 200 -units PixelsPerInch p-001g.jpg
```

ఆ తర్వాత `img2pdf`కి ఫైళ్ళ పేర్లు వరస తప్పకుండా ఇస్తే జేపెగ్‌లూ టిఫ్‌లూ కలిపి ఒకే పీడీఎఫ్ చేస్తుంది, మళ్ళీ కుదించదు.

జాగ్రత్త ఒకటే. ఎరుపు పొరలో ఎరుపు సిరా మాయమైపోతుంది. ఎవరైనా ఎర్ర కలంతో కొట్టివేతలు దిద్దినా, నంబరు వేసినా ఆ పేజీ ఇలా చెయ్యకండి. చేశాక ఒక్కో పేజీ కాగితం పక్కన పెట్టి సరిచూడాలి.

సుధారాణి

ఎరుపు పొర చిట్కా మా దగ్గర 1950ల నాటి కాగితాల మీద చేశాను, రాత పూర్తిగా పోయింది! ఆ సిరా ఇప్పుడు గోధుమ రంగులోకి వచ్చేసింది.

పాతకాగితాలు

అవునమ్మా, నీలం నలుపు పాత సిరా ఇనుముతో చేసినది, కాలం గడిస్తే గోధుమ రంగుకి తిరుగుతుంది. గోధుమ రంగు ఎరుపు పొరలో లేతగా పడుతుంది. అలాంటి కాగితానికి ఆకుపచ్చ పొర చూడండి, `-channel G` అని. కాగితమూ గోధుమే, సిరా కూడా గోధుమే అయితే ఏ పొరా పూర్తిగా విడదియ్యదు, అప్పుడు నలుపు తెలుపు వదిలేసి గ్రేలో 200 పెట్టుకోవడమే.

మూర్తి_లినక్స్

మచ్చలు పోవడానికి `-despeckle` కూడా పెట్టొచ్చు కదా. స్కానరు సాఫ్ట్‌వేర్లలో కూడా చుక్కలు తీసేసే టిక్కు ఉంటుంది.

పాతకాగితాలు

నలుపు తెలుపులోకి వచ్చాక అది వద్దు. ఏది మచ్చో ఏది "థ" చుక్కో దానికి తెలియదు. దస్తావేజులో విస్తీర్ణం "ఎ. 1.25 సెం." అని ఉంటుంది, ఆ మధ్య చుక్క పోతే 125 మిగులుతుంది. అక్కడక్కడా నాలుగు మచ్చలుంటే ఉండనివ్వండి, నష్టం లేదు.

సుధారాణి

నా దగ్గర స్కానరు లేదు, ఫోనే గతి. ఫోనులో కూడా ఇంత నాణ్యత వస్తుందా? నా యాప్‌లో "బి అండ్ డబ్ల్యూ" పెడితే పేజీ చూడ్డానికి నలుపు తెలుపే గానీ సైజు మాత్రం 600 కేబీ ఉంటోంది.

పాతకాగితాలు

చాలా యాప్‌లు నలుపు తెలుపుగా కనపడే బొమ్మ తయారు చేసి దాన్ని జేపెగ్‌గానే దాస్తాయి. `pdfimages -list`లో `bpc` గడి చూడండి. 8 ఉండి `enc`లో `jpeg` ఉంటే అది వేషమే. నిజంగా నలుపు తెలుపు అయితే `bpc` 1, `enc` గడిలో ఎక్కువగా `ccitt` ఉంటుంది. పైగా గట్టి నలుపు తెలుపు అంచులకి జేపెగ్ అస్సలు పడదు, అక్షరాల చుట్టూ బూడిద రంగు ముసురుతుంది, సైజు కూడా పెరుగుతుంది. అందుకే యాప్‌లో ఫిల్టరు తీసేసి "ఒరిజినల్" పెట్టి తియ్యండి, నలుపు తెలుపు తర్వాత చేసుకుందురు గాని.

నాణ్యత సంగతి. 12 మెగాపిక్సెల్ కెమెరా పొడవున 4000 చుక్కలు తీస్తుంది. స్టాంపు కాగితం 14 అంగుళాలు అనుకుంటే, ఫ్రేము నిండా పట్టినా 285 డీపీఐ, చుట్టూ కాస్త ఖాళీ వదిలితే 250. రాతకి చాలు. ఫోనులో దెబ్బతినేది డీపీఐ దగ్గర కాదు, వెలుగు దగ్గర. మీద లైటు వేసుకుని వంగి తీస్తే మీ చెయ్యి నీడ పేజీ కింది సగం మీద పడుతుంది, నలుపు తెలుపు చేసేసరికి ఆ సగం నల్లబడుతుంది. పగటిపూట కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా, ఫోను కాగితానికి సమాంతరంగా పట్టుకుని తియ్యండి. కాగితం పలచనై వెనకవైపు రాత కనపడుతుంటే కింద నల్ల కాగితం పరవండి, వెనక రాత చాలావరకు అణిగిపోతుంది. స్కానరు మీద కూడా ఇదే పని చెయ్యొచ్చు, మూత కింద తెల్లటి ప్యాడ్ ఉంటుంది కదా, దాని మీద నల్ల కాగితం.

తీశాక వాట్సాప్‌లో ఫొటోగా పంపకండి, అది మళ్ళీ కుదిస్తుంది. డాక్యుమెంటుగా పంపండి. సొంత దస్తావేజులు ఆ ఉచిత సైట్లలో ఎక్కించకండి కూడా. సంతకం, వేలిముద్ర, హద్దులు అన్నీ ఉన్న కాగితం ఎక్కడికి పోతుందో మనకి తెలియదు.

రవి_నూజివీడు

అయిపోయిందండీ! మొదటి పక్క రంగులో 200 డీపీఐ, 480 కేబీ వచ్చింది. గ్రే పక్కలు నాలుగూ కలిపి 1.3 ఎంబీ. 17 రాత పక్కలు ఎరుపు పొరతో నలుపు తెలుపు చేస్తే సగటున పక్కకి 85 కేబీ, అన్నీ కలిపి 1.4 ఎంబీ. మొత్తం 3.2 ఎంబీ. పచ్చబడిన మూలలు తెల్లగా అయిపోయాయి, నాన్నగారి సంతకం కింద గీత కూడా తెగలేదు. ఆఖరి రెండు పక్కలకి మాత్రం 62 పెట్టాల్సి వచ్చింది, అక్కడ సిరా లేత. సర్వే నంబర్లన్నీ కాగితంతో పక్కపక్కన పెట్టి చూశాను, సరిపోయాయి.

5లోకి ఇంకా 1.8 ఎంబీ మిగిలింది, దాన్ని ఎక్కడ పెట్టమంటారు?

పాతకాగితాలు

వేలిముద్రల పక్కల మీద పెట్టండి. ముద్రలో గీతకీ గీతకీ మధ్య అర మిల్లీమీటరు దూరం ఉంటుంది, 200లో అది 4 చుక్కలే. ఆ నాలుగు పక్కలూ గ్రేలోనే 300కి పెంచండి, రెట్టింపు కన్నా కాస్త ఎక్కువ అవుతాయి, 5 లోపే ఉంటారు. గీతలు విడివిడిగా కనపడతాయి. నిపుణులు ముద్రలు పోల్చాలంటే 500 కావాలి, అది ఎలాగూ అసలు కాగితం మీదే చేస్తారు.

శ్రీను_జిరాక్స్

నేను ఈ రోజు షాపులో ఒక చేతిరాత కాగితం గ్రే 150లో, నలుపు తెలుపు 300లో రెండూ తీసి చూశాను. ప్రింటు ఇస్తే నలుపు తెలుపుదే బాగుంది, ఒప్పుకుంటున్నాను. కానీ ఫోనులో తెరిచి చదివితే గ్రేదే కంటికి హాయిగా ఉందండీ, రాత సహజంగా ఉంది. ఆఫీసుల్లో ఇప్పుడు ఎవరూ ప్రింటు తియ్యడం లేదు, తెర మీదే చూస్తున్నారు. అలాంటప్పుడు మీ పద్ధతే మేలని ఎలా చెప్తారు?

పాతకాగితాలు

తెర మీద మామూలు సైజులో చూస్తే గ్రే హాయిగా ఉంటుంది, అది నిజం. సర్వే నంబరు దగ్గర పెద్దది చేసి చూడండి, అక్కడ 300 గెలుస్తుంది. ఫైలు చూసేవాళ్ళు పెద్దది చేసి చూస్తారా లేదా అన్నదాని మీద ఉంది. సైజులో చోటుంటే గ్రే 200 పెట్టండి, ఇద్దరికీ పేచీ ఉండదు. రవి గారికి 17 పక్కలు గ్రే 200లో పెడితే అవే 5.5 ఎంబీ దాటతాయి, చోటు లేదు.

మూర్తి_లినక్స్

రవి గారూ, ఎక్కించే ముందు ఒకటి చూసుకోండి. మొదటి పక్క రంగులో, మిగతావి కాదు కదా, అన్ని పేజీలూ రంగులోనే ఉండాలి అని పోర్టల్ సూచనల్లో ఎక్కడైనా రాశారేమో. కొన్నిచోట్ల అలా అడుగుతున్నారు.

రవి_నూజివీడు

చూశాను మూర్తి గారూ, "స్పష్టంగా చదవగలిగేలా" అని మాత్రమే ఉంది. వేలిముద్రల పక్కలు 300కి మార్చాను, 4.7 ఎంబీ అయింది, ఎక్కింది. వాళ్ళ వైపు నుంచి ఏమంటారో తెలిశాక ఇక్కడే రాస్తాను.